నేరానికి ఆర్థిక కారణాలు: స్టువర్టుపురం చెప్పేది

పేదరికం, నిరుద్యోగం, అసమానతలు మనిషిని నేరం వైపు నెడతాయా అన్న ప్రశ్నకు ఆంధ్రదేశంలో ఎక్కువ సమాచారం దొరికే చోటు బాపట్ల, చీరాల మధ్య రైలు మార్గంలో ఉన్న స్టువర్టుపురం. తెనాలి, జంపని, రేపల్లె ప్రాంతాల్లో ఈ పేరు చాలాకాలం దొంగతనాలతోనే ముడిపడి వినిపించింది. ఆ ఊరి చరిత్రనూ ప్రపంచ దేశాల పరిశోధనలనూ పక్కపక్కన పెట్టి చూస్తే ఒక సంగతి తేలుతుంది. పేదగా ఉండటం ఒక్కటే నేరాన్ని వివరించదు. ఉన్న బతుకుతెరువు తెగిపోవడం, ఆ తర్వాత నిజాయితీగా బతికే దారి మూసుకుపోవడం, ఈ రెండూ కలిసినప్పుడే నేరం పెరిగే అవకాశం బలపడుతుంది.

ఉప్పు మూటలు పోయిన కాలం

స్టువర్టుపురంలో స్థిరపరచిన ఎరుకల వారిలో ఉపజాతుల పేర్లన్నీ దాదాపు వృత్తులే. ఉప్పు అమ్మేవారు ఉప్పు ఎరుకల, వెదురు బుట్టలల్లేవారు దబ్బ ఎరుకల, కరివేపాకు తెచ్చేవారు కరివేపాకు ఎరుకల. ఉప్పు ఎరుకల వారు తీరంలోని ఉప్పు కొఠార్ల దగ్గర సరుకు కొని, ఎద్దుల మీదా గాడిదల మీదా వేసుకుని లోపలి గ్రామాలకు తీసుకెళ్ళేవారు. అక్కడ ఉప్పుకు బదులు ధాన్యం తీసుకుని తిరిగి వచ్చేవారు. బండ్లు పోలేని ఊళ్ళకు ఉప్పు అందించింది వీరే.

పంతొమ్మిదో శతాబ్దం రెండో సగంలో ఈ వ్యాపారం విరిగిపోయింది. దీన్ని మద్రాసు ప్రభుత్వ రికార్డుల ఆధారంగా వివరంగా రాసిన చరిత్రకారిణి మీనా రాధాకృష్ణ. ఆమె గ్రంథం 2001లో వెలువడింది. రైళ్ళు, రోడ్లు రావడంతో సరుకు పెద్ద వ్యాపారుల చేతికి పోయింది. ప్రభుత్వ ఉప్పు విధానం చిన్న వర్తకుడికి లాభం మిగల్చలేదు. 1876-78 కరువు సరుకు మోసే పశువులను తినేసింది. 1882 మద్రాసు అటవీ చట్టంతో మేతకు, వెదురుకు, అడవి సరుకుకు ఆంక్షలు వచ్చాయి. ఇంత జరిగాక, తిరుగుతూ బతికే ఆ మనుషులనే అధికారులు పుట్టుకతో నేరస్తులన్నారు. బతుకు ఎలా పోయిందో ప్రభుత్వ కాగితాల్లోనే ఉండగా రక్తాన్ని నిందించడం ఘోరమైన అన్యాయం.

1911లో నేరస్త తెగల చట్టం మద్రాసు రాష్ట్రానికి వర్తించింది. ప్రకటించిన తెగల్లో రిజిస్టరైన వారు వేలిముద్రలు ఇవ్వాలి, ఆజ్ఞాపించిన వేళకు హాజరు కావాలి, అనుమతి లేకుండా ఊరు దాటకూడదు. ఊరూరూ తిరిగితేనే అమ్మకం ఉండే వర్తకుడికి ఇది వ్యాపారాన్నే నిషేధించడంతో సమానం. ఆ దశకంలోనే సాల్వేషన్ ఆర్మీ స్టువర్టుపురం సెటిల్మెంటును స్థాపించింది. మద్రాసు గవర్నరు కార్యనిర్వాహక మండలి సభ్యుడు సర్ హెరాల్డ్ స్టువర్టు పేరు దానికి పెట్టారు. అక్కడ అందరికీ సరిపడా సాగుభూమి లేదు. చీరాలలోని ఐఎల్‌టీడీ పొగాకు కంపెనీ ఈ సెటిల్మెంటు వారిని పనికి తీసుకుంది. కూలి దొరికిన మాట నిజమే. కాని పని నచ్చకపోతే వదిలి మరో చోటికి పోయే స్వేచ్ఛ రిజిస్టరైన మనిషికి లేదు. పని ఉందా లేదా అని మాత్రమే లెక్కపెట్టే నిరుద్యోగ గణాంకంలో ఈ తేడా కనబడదు.

బతుకు దెబ్బతిన్నప్పుడు

ఆదాయం హఠాత్తుగా పడిపోతే దొంగతనాలు పెరుగుతాయన్నది బాగా నిలబడిన ఫలితం. 1836 నుంచి 1861 వరకు బవేరియాలో రై ధాన్యం ధర పెరిగినప్పుడల్లా దొంగతనాలు పెరిగాయని గియోర్గ్ ఫన్ మాయర్ 1867లోనే చూపించాడు. 2006లో మేలుమ్, మిగేల్, టోర్విక్ అవే లెక్కలను వర్షపాతంతో కలిపి మళ్ళీ పరిశీలించారు. వర్షం మనిషి చేతిలో లేదు, నేరం చేసినంత మాత్రాన వర్షం మారదు. అందుకే ఏది కారణమో ఏది ఫలితమో విడదీయడానికి అది పనికొస్తుంది. ధాన్యం ధర పెరిగితే ఆస్తి నేరాలు పెరిగాయి గాని హింస పెరగలేదు, పైగా తగ్గింది. బార్లీ ఖరీదై జనం బీరు తక్కువ తాగడం అందుకు కారణమై ఉంటుందని వారు భావించారు.

మన దేశంలో లక్ష్మీ అయ్యర్, పెటియా టోపలోవా జిల్లాల వారీగా వర్షపాతాన్నీ, 1991 తర్వాత దిగుమతి సుంకాల తగ్గింపునూ తీసుకుని పరిశీలించారు. ఈ రెండు దారుల్లో దేనివల్ల ఆదాయం దెబ్బతిన్నా నేరాలు పెరిగాయి. బ్లేక్‌స్లీ, ఫిష్‌మన్ కూడా వర్షాభావ సంవత్సరాల్లో నేరాలు పెరిగాయనీ, ఆస్తి నేరాల మీద ప్రభావం ఎక్కువనీ తేల్చారు. కృష్ణా కాలువ నీరు పారే జంపని మాగాణికి ఈ ఫలితాన్ని నేరుగా అంటించకూడదు. అక్కడ పంటను నిలబెట్టేది స్థానిక వర్షం ఒక్కటే కాదు, కాలువకు నీరు వదలడం కూడా.

నిరుద్యోగం విషయంలో ప్రభావం ఉంది గాని జనం ఊహించేంత పెద్దది కాదు. అమెరికా రాష్ట్రాల మీద రాఫెల్, వింటర్-ఎబ్మర్ 2001లో ప్రచురించిన అంచనా ప్రకారం నిరుద్యోగ రేటు ఒక శాతం పాయింటు తగ్గితే ఆస్తి నేరాలు సుమారు 1.6 నుంచి 2.4 శాతం తగ్గుతాయి. అంటే ఏడాదికి 1,000 దొంగతనాలు జరిగే చోట 16 నుంచి 24 వరకు తగ్గుతాయి. హింసాత్మక నేరాల మీద ఇంత స్పష్టమైన ప్రభావం కనబడలేదు. దీనికి అడ్డు వచ్చే సంగతి కూడా ఒకటుంది. పనిలేని కాలంలో జనం ఇళ్ళలోనే ఉంటారు కనుక దొంగకు ఖాళీ ఇల్లు దొరకడం కష్టం. రెండూ ఎదురెదురుగా లాగుతాయని కాంటర్, లాండ్ 1985లోనే గుర్తించారు.

అసమానత, సందేహాలు

అనేక దేశాలను పోల్చిన ఫాయిన్‌జిల్బర్, లెడర్‌మన్, లోయిజా అధ్యయనంలో (2002) ఆదాయ అసమానత ఎక్కువున్న చోట హత్యలు, దోపిడీలు ఎక్కువని తేలింది. దక్షిణాఫ్రికా పోలీసు పరిధులను చూసిన డెమంబైన్స్, ఓజ్లర్ మరో కోణం చూపారు. చుట్టుపక్కల వాటికన్నా సంపన్నంగా ఉన్న పరిధిలోనే ఇళ్ళ దొంగతనాలు ఎక్కువ. అసమానత ఒకరిలో కసి పుట్టించడమే కాదు, దోచుకోదగ్గ సొమ్మును దగ్గరలో ఉంచుతుంది కూడా.

ఈ మొత్తానికి గట్టి సవాలు స్వీడన్ నుంచి వచ్చింది. 1989-93 మధ్య పుట్టిన ఐదు లక్షల మందికి పైగా పిల్లలను 2014లో సరియస్లాన్ బృందం పరిశీలించింది. అత్యల్ప ఆదాయ కుటుంబాల పిల్లలకు హింసాత్మక నేరంలో శిక్షపడే అవకాశం, అత్యధిక ఆదాయ కుటుంబాల వారికన్నా దాదాపు ఏడు రెట్లు. కాని ఒకే ఇంట్లో ఆదాయం తక్కువున్న కాలంలో పెరిగిన బిడ్డనూ, మెరుగైన కాలంలో పెరిగిన తోబుట్టువునూ పోలిస్తే ఆ తేడా మాయమైంది. పేదరికంతో పాటు కుటుంబంలో ఉన్న వేరే కారణాలే పనిచేస్తున్నాయని దీని అర్థం. అయితే సంక్షేమం బలంగా ఉన్న స్వీడన్‌లో పేదరికం, ఎద్దు చచ్చి అడవి మూసుకుపోయిన ఉప్పు వర్తకుడి పేదరికం ఒకే స్థాయివి కావు. అక్కడి ఫలితాన్ని ఇక్కడికి తెచ్చేటప్పుడు ఇది మరవకూడదు.

ముద్ర పడ్డాక

నేరాల లెక్కల్లో పోలీసులు ఎవరి ఇంటిని వెతికారన్నది కూడా కలిసిపోతుంది. చుట్టుపక్కల ఎక్కడ దొంగతనం జరిగినా ముందు రిజిస్టరైన ఊరికే వెళితే కేసులు అక్కడే ఎక్కువ నమోదవుతాయి. ఆ అంకెలను చూపి తనిఖీలు మళ్ళీ పెంచవచ్చు. కనుక స్టువర్టుపురంపై ఉన్న కేసుల సంఖ్యను అక్కడి నేరాల సంఖ్యగా చదవకూడదు.

ముద్ర వల్ల ఉద్యోగం ఎంత దూరమవుతుందో డెవా పేజర్ అమెరికాలోని మిల్వాకీలో ప్రయోగం చేసి కొలిచింది. 2003లో ప్రచురించిన ఆ ఫలితాల్లో, జైలు రికార్డు లేని తెల్లవారికి 34 శాతం దరఖాస్తుల్లో పిలుపు వస్తే, ఉన్నవారికి 17 శాతం. నల్లవారిలో రికార్డు లేనివారికి 14 శాతం, ఉన్నవారికి 5 శాతం. స్టువర్టుపురంలో ముద్ర పడింది శిక్షపడిన మనిషికి మాత్రమే కాదు, ఆ ఊళ్ళో పుట్టిన బిడ్డకు కూడా.

నేరస్త తెగల చట్టం మద్రాసులో 1947లో, దేశమంతటా 1952లో రద్దయింది. దాని స్థానంలో అలవాటు నేరస్తుల చట్టాలు వచ్చాయి. మద్రాసులో 1948లో, ఆంధ్రప్రదేశ్‌లో 1962లో. నిఘా తెగ పేరున కాక వ్యక్తి పేరున సాగింది. 1970ల్లో విజయవాడ నాస్తిక కేంద్రానికి చెందిన లవణం, గుర్రం జాషువా కుమార్తె హేమలతా లవణం స్టువర్టుపురంలో సంస్కరణ పని చేపట్టారు. నేరం విడిచిన వారికి జీవనోపాధి, పిల్లలకు చదువు, ఊరికీ పోలీసులకూ మధ్య మాట కలపడం, ఈ మూడూ అందులో భాగాలు. ఉపాధి ఇచ్చినా నిఘాను యథాతథంగా ఉంచిన సెటిల్మెంటుకూ దీనికీ ఉన్న తేడా అక్కడే.