గోండీలో 'అద్', 'అవ్': ఒక పాత లెక్క

మనం గోండీలో మగవాణ్ని 'వోర్' అంటాం. ఆడమనిషినీ, ఆవునూ, చెట్టునూ 'అద్' అంటాం. తెలుగులోనూ దాదాపు ఇంతే. అతడు వచ్చాడు, ఆమె వచ్చింది, ఆవు వచ్చింది. రెండు భాషల్లోనూ పదం ఏ వర్గమో దాని అర్థమే చెబుతుంది. హిందీలో ప్రాణం లేని 'కుర్సీ' కూడా స్త్రీలింగమే. చివరి 'ఈ' శబ్దం దాన్ని అక్కడ చేర్చింది. అయితే రూపాన్ని పూర్తిగా నమ్మలేం. అదే 'ఈ' ఉన్నా 'పానీ' పుంలింగం.

తెలుగుకూ మనకూ తేడా బహువచనంలో వస్తుంది. తెలుగులో ఆడవాళ్లైనా మగవాళ్లైనా 'వారు', ఆవులు 'అవి'. గోండీలో మగవాళ్లు గానీ, ఆడా మగా కలిసిన గుంపు గానీ 'వోర్క్'. అందరూ ఆడవాళ్లే అయితే, ఆవుల్లాగే 'అవ్'.

ఇది విని, తెలుగు సరిగా రాక మనం అలా అంటున్నామని నవ్వేవారున్నారు. ద్రావిడ భాషలను పోల్చి చూసిన భద్రిరాజు కృష్ణమూర్తి చెప్పింది మాత్రం దీనికి తలకిందులు. కొలామీలో, కువిలో కూడా ఈ పద్ధతే ఉంది. ఇన్ని భాషల్లో మిగిలిన ఈ ఏర్పాటు మూల ద్రావిడ భాష నాటిదని ఆయన వాదించారు. ఆ లెక్కన మారింది తెలుగే. కలిసిన గుంపుకు వాడే మాటను తర్వాత ఆడవాళ్ల గుంపుకూ వాడింది. పండితులందరూ దీన్ని ఒప్పుకోలేదు. అయినా 'అవ్' తప్పు తెలుగు కాదని, దానికి సొంత వ్యాకరణం ఉందని మాత్రం స్పష్టం. మన అవ్వలు అలా అన్నప్పుడు దిద్దవద్దు, అన్నది అన్నట్టే రాసుకుందాం.