బహుళ పోలికల సమస్య

ఒకే సమాచారాన్ని పట్టుకుని ఎన్నో పోలికలు చేసినప్పుడు, అసలు ఏ తేడా లేకపోయినా కొన్నిచోట్ల తేడా ఉన్నట్టు కనిపించడాన్ని గణాంకశాస్త్రంలో బహుళ పోలికల సమస్య అంటారు. గుంపును వయసు, నేల, కులం, రుతువు, ఊరు అంటూ ఉపవర్గాలుగా చీల్చి, ఒక్కొక్కదాన్ని విడిగా పరీక్షించేటప్పుడు ఇది ఎక్కువగా ఎదురవుతుంది. పరీక్షలో నూటికి ఐదు పొరపాట్లను సహిస్తామని ఒప్పుకున్నాక, ఇరవై పరీక్షలు చేస్తే సగటున ఒకటి ఉత్త పుణ్యానికే నెగ్గుతుంది. లెక్క ఇంత తేలిక. దాన్ని పట్టించుకోవడం నేర్చుకోడానికి మాత్రం శాస్త్రానికి వందేళ్లకు పైగా పట్టింది.

మంజీరాపై 1923లో మొదలై 1931లో పూర్తయిన నిజాంసాగర్ ఆయకట్టులో జరిగినట్టు ఒక ప్రయోగాన్ని ఊహించుకుందాం. నాలుగు వందల వరి మడుల్లో సగానికి యూరియా పాత పద్ధతిలో, సగానికి కొత్త పద్ధతిలో వేశారు. నిజానికి రెండు పద్ధతులకూ ఏ తేడా లేదు. మడికీ మడికీ మధ్య సహజంగా ఉండే హెచ్చుతగ్గుల ప్రామాణిక విచలనం ఎకరాకు 4 క్వింటాళ్లు అనుకుందాం. అన్ని మడులనూ కలిపి చూస్తే, రెండు సగటుల మధ్య 0.8 క్వింటాలు తేడా వస్తే గాని పట్టించుకోవలసిన పని లేదు. కోత అయ్యాక అంత తేడా రాలేదు. ప్రయోగం చేసినవాడికి అక్కడ ఆగబుద్ధి కాదు. కాలువ మొదట్లో ఉన్న పొలాలు, చివర ఉన్న పొలాలు, నల్లరేగడి, చల్క, ముందు నాట్లు, వెనక నాట్లు అంటూ మడులను పది ఉపవర్గాలుగా విడదీస్తాడు. ఇప్పుడు ఒక్కో వర్గంలో ఒక్కో పద్ధతికి ఇరవై మడులే మిగులుతాయి.

ఇక్కడ రెండు సంగతులు ఒకేసారి జరుగుతాయి. మడులు తగ్గడంతో సగటు నిలకడ కోల్పోతుంది. ఉపవర్గంలో పట్టించుకోవలసిన తేడా 0.8 నుంచి సుమారు 2.5 క్వింటాళ్లకు పెరుగుతుంది. దాంతోపాటు అదృష్టానికి పది అవకాశాలు దొరుకుతాయి. పదింటిలో కనీసం ఒక వర్గమైనా ఆ 2.5 హద్దు దాటే అవకాశం దాదాపు 40 శాతం. పదింటిలోకీ పెద్ద తేడాను ఏరుకుంటే, సగం సార్లు అది 2.3 క్వింటాళ్లను మించి ఉంటుంది. కాలువ చివరి చల్క నేలల్లో కొత్త పద్ధతి ఎకరాకు రెండున్నర క్వింటాళ్లు అదనంగా ఇచ్చిందన్న మాట వినడానికి ఎంత నమ్మకంగా ఉంటుంది! చివరి పొలాలకు నీరు ఆలస్యంగా అందుతుంది కాబట్టి అలా జరిగిందని కారణం కూడా వెంటనే తోస్తుంది. అదే తేడా కాలువ మొదట్లో వచ్చి ఉంటే, అక్కడ నీరు ఎక్కువ కాబట్టి అనేవాళ్లం. ఏ వైపు తేడా వచ్చినా ఒక కారణం సిద్ధంగా ఉంటుంది. అందుకే కారణం తోచడాన్ని సాక్ష్యంగా తీసుకోకూడదు.

ఈ ఉచ్చును మొదట స్పష్టంగా వర్ణించినవారిలో ఫ్రెంచి గణితవేత్త ఆంత్వాన్ ఒగుస్తాన్ కూర్నో ఒకడు. సంభావ్యతపై 1843లో వెలువరించిన గ్రంథంలో ఆయన ఆడ, మగ శిశు జననాల నిష్పత్తిని ఉదాహరణగా తీసుకున్నాడు. పుట్టిన పిల్లలను తల్లిదండ్రుల వయసును బట్టి, వృత్తిని బట్టి, కాన్పు వరసను బట్టి ఎన్ని రకాలుగానైనా విడదీయవచ్చు. విడదీసేకొద్దీ ఎక్కడో ఒకచోట నిష్పత్తి మామూలుకు దూరంగా కనిపించి తీరుతుంది. కూర్నో గుర్తించిన అసలు చిక్కు మరొకటి ఉంది. పరిశోధకుడు ఎన్ని విభజనలు ప్రయత్నించి వదిలేశాడో పాఠకుడికి తెలియదు. నెగ్గిన విభజన ఒక్కటే అతని కంటబడుతుంది. అదే సంఖ్య మొదటి ప్రయత్నంలో వస్తే ఒక విలువ, నలభయ్యో ప్రయత్నంలో వస్తే మరో విలువ. కాగితం మీద మాత్రం రెండూ ఒకేలా ఉంటాయి. ఆ మాటను అప్పట్లో పట్టించుకున్నవాళ్లు తక్కువ.

సమస్య మళ్లీ పైకి వచ్చింది పొలాల్లోనే. 1935లో వచ్చిన ‘ది డిజైన్ ఆఫ్ ఎక్స్‌పెరిమెంట్స్’ పుస్తకంలో ఆర్.ఎ. ఫిషర్, ఫలితాలు చూశాక అన్నిటికన్నా ఎక్కువ దిగుబడినీ అన్నిటికన్నా తక్కువ దిగుబడినీ ఏరి పోల్చడం ప్రమాదమని హెచ్చరించాడు. మన వ్యవసాయ పరిశోధన నివేదికలు చూసినవారికి పట్టిక అడుగున ఉండే ‘సి.డి.’, అంటే క్రిటికల్ డిఫరెన్స్ వరస తెలుసు. రెండు రకాల దిగుబడుల మధ్య తేడా అంతకు మించితే ఆ తేడా నమ్మదగినదని దాని అర్థం. నిజాంసాగర్ ఆయకట్టు ప్రాంతంలోనే, రుద్రూరులో, ప్రాంతీయ చెరకు, వరి పరిశోధన స్థానం ఉంది. రకాల పోలిక ఇలాంటి కేంద్రాలకు నిత్యకృత్యం. ముందే అనుకున్న రెండు రకాలను పోల్చడానికి సి.డి. చక్కగా పనికొస్తుంది. అయితే పది రకాలు వేస్తే జంటలు 45 అవుతాయి. పదీ నిజంగా ఒకటే అయినా, మొదటి స్థానంలో ఉన్నదాన్నీ చివరి స్థానంలో ఉన్నదాన్నీ పోల్చితే ఆ తేడా సి.డి.ని దాటే అవకాశం 60 శాతానికి పైమాటే. అందుకే ముందు పది రకాలనూ కలిపి ఎఫ్ పరీక్ష చేసి, అందులో తేడా ఉందని తేలితేనే జంటల జోలికి వెళ్లమన్నారు.

ఇటలీకి చెందిన కార్లో ఎమీలియో బోన్‌ఫెరోని 1936లో ప్రచురించిన అసమానత ఆధారంగా మరో ఉపాయం పుట్టింది. ఎన్ని పరీక్షలు చేస్తే హద్దును అన్ని భాగాలు చేయాలి. పై ఊహాప్రయోగంలో పది వర్గాలు కాబట్టి 5 శాతం హద్దు అర శాతానికి దిగుతుంది, 2.5 క్వింటాళ్ల గీత సుమారు 3.5 క్వింటాళ్లకు జరుగుతుంది. దీన్ని వాడుకలోకి తెచ్చింది 1961లో ఆలివ్ జీన్ డన్. జాన్ టూకీ 1953లో ఈ సమస్య మీదే పెద్ద గ్రంథం రాశాడు. అది అచ్చు కాకుండానే ప్రతుల రూపంలో చేతులు మారుతూ, నలభై ఏళ్ల తర్వాత ఆయన రచనల సంపుటంలో చోటు దక్కించుకుంది. సరిగ్గా ఆ 1953లోనే ఎస్.ఎన్. రాయ్, ఆర్.సి. బోస్ ఎన్నో పోలికలకు ఒకేసారి విశ్వాస హద్దులు కట్టే పద్ధతిని ప్రచురించారు. రాయ్ అంతకుముందు కలకత్తాలోని భారతీయ గణాంక సంస్థలో పనిచేసినవాడు.

ఆ దారిని ముందుకు తీసుకెళ్లినవారిలో తెలుగువాడైన పి.ఆర్. కృష్ణయ్య ముఖ్యుడు. ఒక్కో మొక్కకు దిగుబడి ఒక్కటే కాక ఎత్తు, పిలకలు, గింజ బరువు అని పలు కొలతలు తీసినప్పుడు, ఆ కొలతలు ఒకదానితో ఒకటి ముడిపడి ఉంటాయి. వాటిని విడివిడి పరీక్షలుగా లెక్కేసి బోన్‌ఫెరోని పద్ధతిలో భాగిస్తే, అవసరానికి మించి కఠినంగా ఉన్నట్టే. ఆ ముడులను లెక్కలోకి తీసుకుని, ముందుగా నిర్ణయించుకున్న కొన్ని పోలికలకే ఉమ్మడి హద్దు కట్టే పద్ధతులను కృష్ణయ్య 1960లలో రూపొందించాడు. 1971లో ‘జర్నల్ ఆఫ్ మల్టివేరియేట్ ఎనాలిసిస్’ను స్థాపించి, 1987లో మరణించేవరకూ దాన్ని నడిపాడు. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో చదివిన సి.ఆర్. రావు 1979లో అమెరికా వెళ్లి చేరిన పిట్స్‌బర్గ్ విశ్వవిద్యాలయంలోనే కృష్ణయ్య కూడా పనిచేశాడు.

పొలంలో పొరపాటు జరిగితే ఒక పంట పోతుంది. ఆస్పత్రిలో జరిగితే అది మందు చీటీలోకి ఎక్కుతుంది. 1978లో ప్రచురితమైన కెనడా ప్రయోగం 585 మంది మీద జరిగింది. పక్షవాతం వచ్చే సూచనలు కనబడ్డవారికి ఆస్పిరిన్ పనిచేస్తుందా అన్నది ప్రశ్న. మొత్తం మీద పనిచేసింది. ఆడ, మగ విడదీస్తే మగవారిలో లాభం కనిపించింది, ఆడవారిలో కనిపించలేదు. ఆ చీలికను నిజమని నమ్మి, అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 1980లో ఈ ఉపయోగానికి ఆస్పిరిన్‌ను మగవారికే ఆమోదించింది.

దీనికి విరుగుడుగా చెప్పుకునే కథ 1988లో లాన్సెట్ పత్రికలో వచ్చిన ఐసిస్-2 ప్రయోగానిది. గుండెపోటు వచ్చిన 17,187 మందిపై అది జరిగింది. అయిదు వారాల్లో గుండె, రక్తనాళాల కారణంగా మరణించినవారు ఆస్పిరిన్ వేసుకున్నవారిలో 9.4 శాతం, ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవారిలో 11.8 శాతం. ఉపవర్గాల వివరాలు కూడా కావాలని పత్రిక అడిగినప్పుడు, రిచర్డ్ పీటో బృందం రోగులను పుట్టినతేదీ ప్రకారం రాశులుగా విడదీసి చూపింది. (ఇవి పాశ్చాత్యుల సూర్య రాశులు; మనం చంద్రుణ్ణి బట్టి చెప్పుకునే జన్మరాశులు కావు.) మిథున, తులారాశులవారిలో ఆస్పిరిన్ మరణాలను 9 శాతం పెంచినట్టు, మిగిలిన పది రాశులవారిలో 28 శాతం తగ్గించినట్టు వచ్చింది.

ఈ ఉదాహరణను చాలామంది నవ్వుకుని వదిలేస్తారు. లెక్క వేసి చూస్తే మరింత పదును ఉంది. ఉపవర్గంలో మందు పనిచేసిందా లేదా అని విడిగా అడగడం తప్పు, ఆ వర్గానికీ మిగిలినవారికీ మధ్య తేడా ఉందా అని అడగాలి అన్నది నేడు అందరూ చెప్పే నియమం. రాశుల విషయంలో ఆ నియమం కూడా మోసపోతుంది. ప్రచురించిన ప్రామాణిక విచలనాలు 13, 5. మైనస్ 9కీ 28కీ మధ్య దూరం 37. దానికి ప్రామాణిక దోషం సుమారు 14. ఒంటరిగా చూస్తే అంత తేడా యాదృచ్ఛికంగా వచ్చే అవకాశం వెయ్యికి ఎనిమిదే. అంటే పరీక్ష నెగ్గినట్టు! అయితే పన్నెండు రాశుల్లోంచి రెండింటిని ఏరుకోడానికి 66 మార్గాలున్నాయి. వెయ్యికి ఎనిమిదిని 66తో హెచ్చవేస్తే సగానికి పైన తేలుతుంది. ఎన్నింటిలోంచి ఏరారో చెప్పకపోతే ఏ పరీక్షా కాపాడదు. కూర్నో చెప్పింది ఇదే.

దిద్దుబాట్లకూ హద్దులున్నాయి. హద్దును మరీ బిగిస్తే నిజమైన తేడా కూడా దాగిపోతుంది. కాలువ చివర నిజంగానే తేడా ఉండవచ్చు. వేలకొద్దీ జన్యువులను ఒకేసారి పరీక్షించేచోట బోన్‌ఫెరోని పద్ధతిలో తరచు ఏమీ మిగలదు. 1995లో యోవావ్ బెంజమినీ, యోసెఫ్ హోక్‌బర్గ్ ప్రశ్ననే మార్చారు. ఒక్క పొరపాటూ రాకూడదని పట్టుబట్టకుండా, కనిపెట్టామని ప్రకటించినవాటిలో సగటున ఎన్నో వంతు అబద్ధం అయితే సహించగలమో ముందే నిర్ణయించుకోమన్నారు. ఉపవర్గాల విషయంలో మాత్రం పాత కొలమానమే ఇప్పటికీ గట్టిది. ఆ వర్గాన్ని ఫలితం చూడకముందే రాసిపెట్టారా, తర్వాతి పంటలో, వేరే మడుల్లో, అదే తేడా అదే వైపు వచ్చిందా అని చూడాలి.

ఆస్పిరిన్ విషయంలో అలాగే జరిగింది. అనేక ప్రయోగాల ఫలితాలను కలిపి చూశాక పక్షవాత నివారణలో లాభం ఆడవారికీ ఉందని తేలింది. అమెరికా సంస్థ తన సూచనలను ఇద్దరికీ వర్తించేలా మార్చింది 1998లో.