పదో నెల నిండనీయవచ్చా? పహాడీ షరీఫ్‌లో నెలల లెక్క, డేట్ దాటిన కాన్పు

కేస్ షీటు మీద 'ఎల్ఎంపీ తెలియదు' అని రాసి ఉన్నప్పుడల్లా నాకు ఒకటే సందేహం వస్తుంది. ఆ స్త్రీకి తెలియదా, ఆమె చెప్పింది మనకు అర్థం కాలేదా? డేట్ దాటిన గర్భాల మీద వచ్చిన పరిశోధనలన్నీ తేదీ తెలిసిన స్త్రీతోనే మొదలవుతాయి. తేదీ ఎలా తెలిసింది, ఏ పంచాంగంలో తెలిసింది అన్న ప్రశ్న వాటిలో కనబడదు. పహాడీ షరీఫ్, షాహీన్ నగర్, మామిడిపల్లి గడపల్లో గర్భిణుల కార్డులు చూస్తూ తిరిగిన నాకు అసలు చిక్కు అక్కడే ఉందనిపించింది. ఈ వ్యాసం పుట్టింది ఆ అనుమానంలోంచే.

బాబా షర్ఫుద్దీన్ దర్గా గుట్ట కింద ఉన్న ఇళ్లలో నెలసరి తేదీ అడిగితే జూలై, ఆగస్టు అని జవాబు రాదు. మొహర్రం పదో రోజు, షబే బరాత్ తెల్లారి, రంజాన్ ఆఖరి రోజా అని వస్తుంది. అవి గాలి కబుర్లు కావు. నెలసరి వస్తే రోజా ఉండరు, తప్పిపోయిన రోజాలను తర్వాత లెక్కపెట్టి తీర్చుకోవాలి. కనుక ఆ తేదీ గుర్తుండటం వాళ్లకు ధర్మం. మామిడిపల్లి వైపు తెలుగు ఇళ్లలో అమావాస్య, పున్నమి, బోనాలు, శ్రావణ శుక్రవారం ఇదే పని చేస్తాయి. ఇవన్నీ చంద్రుడి నెలలు. చాంద్రమాసం సగటున 29.53 రోజులు. తొమ్మిది నెలలు నిండితే 266 రోజులు, అంటే వైద్యుల లెక్కలో సరిగ్గా 38 వారాలు. పది నెలలు నిండితే 295 రోజులు, అంటే 42 వారాల ఒక రోజు. గడువు దాటిన గర్భానికి ప్రపంచమంతా పెట్టుకున్న హద్దు 42 వారాలు, 294 రోజులు. మన అమ్మమ్మల పదో నెలకూ ఈ హద్దుకూ తేడా ఒక్క రోజే. 'దస్వాఁ మహీనా లగ్‌గయా' అని అత్త అన్నదంటే కోడలు 38 వారాలు దాటిందని అర్థం. ఆ నెల నిండిందంటే ఇక ఆగకూడని చోట ఉందని అర్థం.

ఒక కాన్పును రోజుల లెక్కతో చూద్దాం. గుట్టకు దగ్గరలో ఉండే ఆమెకు అది తొలి చూలు. ఆఖరి నెలసరి మొహర్రం పదో రోజున, అంటే 2023 జూలై 29న వచ్చిందని ఆమె స్పష్టంగా చెప్పింది. కార్డు రాసినవారి చెవిన 'మొహర్రం' ఒక్కటే పడింది. నెల మొదటి రోజు పట్టుకుని జూలై 20 అని రాశారు. తొమ్మిది రోజుల తప్పు అక్కడ పుట్టింది. సెప్టెంబర్ 23న తీసిన స్కానింగ్ రిపోర్టు ఇంట్లో ప్లాస్టిక్ కవర్లో భద్రంగా ఉంది. పిండం పొడవు 17 మిల్లీమీటర్లు, వయసు 8 వారాల 1 రోజు. కార్డు ప్రకారం ఆ రోజుకు 9 వారాల 2 రోజులు. తేడా ఎనిమిది రోజులు. 9 నుంచి 13 వారాల మధ్య తేడా ఏడు రోజులు మించితే స్కానింగ్ తేదీనే తీసుకోవాలన్నది స్థిరపడిన నియమం. కార్డు తేదీ కొట్టేయాల్సిందే. ఆమె చెప్పిన తేదీ ప్రకారం అదే రోజుకు సరిగ్గా 8 వారాలు. స్కానింగ్‌కూ ఆమె జ్ఞాపకానికీ తేడా ఒక్క రోజు. కాన్పు తేదీ మే 4 అవుతుంది, కార్డు మీద మాత్రం ఏప్రిల్ 25 అని ఉంది.

మే 3న ఆమెను తీసుకెళ్లిన చోట 41 వారాలు దాటాయి, వెంటనే అడ్మిట్ కావాలన్నారు. నిజానికి అప్పటికి 39 వారాల 6 రోజులే. పది నెలలు నిండలేదని అత్త వెనక్కి తీసుకొచ్చేసింది. ఆ రోజుకు ఆమె చేసింది సబబే. అయితే తప్పుడు తేదీ రెండోవైపు కూడా కోస్తుంది. ఒకసారి తప్పు చెప్పారు కనుక మళ్లీ చెప్పినా తప్పేనన్న నమ్మకం ఇంట్లో పాతుకుపోయింది. అసలైన 41 వారాలు మే 11న నిండాయి. ఎవరూ కదల్లేదు. మే 13 లోక్‌సభ పోలింగ్, ఓటు వేశాక చూద్దామనుకున్నారు. ఆ సాయంత్రం నుంచి బిడ్డ కదలికలు తగ్గాయని ఆమె మెల్లగా చెప్పింది. మర్నాడు, 41 వారాల 3 రోజులకు, నగరంలోని ఒక ప్రసూతి ఆసుపత్రిలో స్కానింగ్ చేశారు. ఉమ్మనీటి లోతైన జేబు 2 సెంటీమీటర్లకు తక్కువ వచ్చింది. ఎన్ఎస్టీ మాత్రం బాగానే ఉంది.

డేట్ దాటిన గర్భంలో మొదట తగ్గేది ఈ నీరే. మాయ అందించేది చాలనప్పుడు బిడ్డ రక్తాన్ని మెదడు వైపు మళ్లించుకుంటుంది, మూత్రపిండాలకు వెళ్లేది తగ్గుతుంది. బిడ్డ మూత్రమే ఉమ్మనీరు కనుక అది ఇంకుతుంది. నీరు తగ్గితే ప్రతి నొప్పికీ బొడ్డుతాడు నలుగుతుంది. బిడ్డ లోపలే మలం విసర్జిస్తే అది కొద్ది నీటిలో చిక్కగా కలిసి ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు. ఇంకోవైపు, మాయ బాగా పనిచేస్తూనే ఉంటే బిడ్డ పెరుగుతూ పోతుంది, భుజాలు ఇరుక్కునే ప్రమాదం వస్తుంది. ఎన్ఎస్టీ ఆ అరగంటలో బిడ్డ ఎలా ఉందో చెబుతుంది, ఎల్లుండి రాత్రి తాడు నలుగుతుందో లేదో చెప్పదు. వారానికి రెండుసార్లు పరీక్ష చేయించుకుంటూ ఆగుదాం అనే పద్ధతికి ఉన్న గట్టి పరిమితి ఇదే.

ఆమెకు నొప్పులు తెప్పించడమే మంచిదని నిర్ణయించారు. గర్భసంచి ముఖద్వారం ఇంకా మెత్తబడలేదు, బిషప్ స్కోరు 4. అలాంటప్పుడు నేరుగా ఆక్సిటోసిన్ డ్రిప్ పెడితే గంటలు గడుస్తాయి తప్ప ద్వారం తెరుచుకోదు. తర్వాత 'ఇండక్షన్ ఫెయిల్' అని రాసి ఆపరేషన్ చేస్తారు. ఇక్కడ ముందు ఫోలీ క్యాథెటర్ వేసి బెలూన్ నింపారు. మిసోప్రోస్టాల్ ఇచ్చినా సరిపోయేది. నోటి ద్వారా రెండు గంటలకోసారి 25 మైక్రోగ్రాములు, అంతకుముందు సిజేరియన్ అయినవారికి మాత్రం వాడకూడదు. తెల్లారేసరికి బెలూన్ తనంతట అదే జారింది. ఉమ్మనీటి సంచి తెరిస్తే నీరు లేత పచ్చగా వచ్చింది. డ్రిప్ మొదలుపెట్టారు, సాయంత్రానికి మామూలు కాన్పయింది. పాప 2.9 కిలోలు, పుట్టగానే ఏడ్చింది. అరచేతుల చర్మం బట్టలు ఉతికిన చేతుల్లా ముడతలు పడి పొరలూడుతోంది. గోళ్లు వేళ్ల చివరలు దాటి పెరిగి అంచుల్లో పచ్చరంగు పట్టాయి. 1954లో క్లిఫర్డ్ వర్ణించిన ముదిరిన బిడ్డ లక్షణాలు నా కళ్ల ముందున్నాయి. బిడ్డ దక్కింది, కానీ ఆ మూడు రోజులు ఆమెకు ఇచ్చిందేమీ లేదు.

ఇప్పుడు నేను విభేదించే వాదానికి వస్తాను. 2004లో ఇంటర్నేషనల్ జర్నల్ ఆఫ్ ఎపిడెమియాలజీలో పటేల్, స్టీర్ తదితరులు లండన్ ప్రాంతపు లక్షకు పైగా తొలి కాన్పులను పరిశీలించి, తెల్లజాతి స్త్రీల మధ్యస్థ గర్భకాలం 40 వారాలైతే ఆసియా స్త్రీలది 39 అని తేల్చారు. ఆ ఒక్క వాక్యం పట్టుకుని మన స్త్రీలకు 40 వారాలంటేనే గడువు దాటినట్టు, 39కే నొప్పులు తెప్పించాలి అని వాదించేవారు మనలో పెరిగారు. నాకు ఇది అంగీకారం కాదు. వాళ్లు లెక్కించింది తమంతట తాముగా నొప్పులు వచ్చిన స్త్రీలను. ఎక్కువమందికి ఎప్పుడు నొప్పులొస్తాయన్నది ఒక ప్రశ్న, నొప్పులు రాని స్త్రీ ఎంతవరకు ఆగవచ్చన్నది మరో ప్రశ్న. మొదటిదాని జవాబు రెండోదానికి అతికించకూడదు. దక్షిణాసియా స్త్రీలలో శిశుమరణాలు కూడా ముందే పెరుగుతాయని 2007లో బాల్చిన్ తదితరులు బీఎంజేలో చూపారు నిజమే, కాని అది కూడా లండన్ లెక్కే. అన్నిటికన్నా ముఖ్యమైనది తేదీ. పైన చెప్పిన కార్డునే తీసుకోండి. దాని ప్రకారం 39 వారాలకు నొప్పులు తెప్పిస్తే నిజానికి 37 వారాల 5 రోజులకు తెప్పించినట్టు. ఒక వారం తేడా మీద నిలిచిన సిద్ధాంతాన్ని తొమ్మిది రోజుల తప్పున్న కార్డు మీద అమలుచేయడం శాస్త్రం అనిపించుకోదు.

నా వాదానికి ఆధారం స్వీడన్‌లోని 14 ఆసుపత్రుల్లో జరిగిన స్వెపిస్ అధ్యయనం. 2019లో వచ్చింది. 41 వారాలు నిండిన 2,760 మంది స్త్రీలను చీటీ వేసినట్టు రెండు జట్లు చేశారు. ఒక జట్టుకు వెంటనే నొప్పులు తెప్పించారు, ఇంకో జట్టు 42 వరకు ఆగింది. ఆగిన జట్టులో ఐదుగురు బిడ్డలు కడుపులోనే పోయారు, ఒకరు పుట్టాక పోయారు. మొదటి జట్టులో ఒక్క మరణమూ లేదు. పది వేల మందిని చేర్చుకోవాలనుకున్న అధ్యయనాన్ని మధ్యలోనే ఆపేశారు. పోయిన ఆరుగురూ తొలిచూలు తల్లుల బిడ్డలే. సిజేరియన్లు రెండు జట్లలోనూ దాదాపు సమానం, పదిమందిలో ఒకరికి. నొప్పులు తెప్పిస్తే ఆపరేషన్ తప్పదన్న మన వార్డుల నమ్మకానికి ఇది సూటి జవాబు. ఈ అధ్యయనాన్ని డచ్ అధ్యయనంతో కలిపి 2020లో చేసిన విశ్లేషణలో 41 వద్ద 79 మంది తొలిచూలు తల్లులకు నొప్పులు తెప్పిస్తే ఒక బిడ్డ తీవ్ర హానినుంచి తప్పించుకుంటుందని తేలింది. ముందు కాన్పులైనవారిలో ఈ మేలు కనబడలేదు.

అయితే స్వీడన్ స్త్రీలందరికీ తొలి నెలల స్కానింగ్ తేదీ ఉంది. మనం ఆ 41ని అప్పు తెచ్చుకుంటున్నాం, దాని కింద ఉన్న పునాదిని తెచ్చుకోవడం లేదు. 28 వారాలు దాటాక తీసిన స్కానింగ్ మూడు వారాల వరకు అటూ ఇటూ పోతుంది, దాంతో 41 నిర్ణయించడం అసాధ్యం. ఆశా కార్యకర్త మొదటిసారి గడప తొక్కిన రోజునే పండుగ పేరు, దాని తర్వాత ఎన్నో రోజు, ఆ ఏడు ఇంగ్లీషు తేదీ, మూడూ కార్డులో రాయాలి. తెలుగు ఇళ్లలో ఇంకో జాగ్రత్త కావాలి. 2023లో రెండు శ్రావణాలు వచ్చాయి. అధిక శ్రావణం జూలై 18న, నిజ శ్రావణం ఆగస్టు 17న మొదలయ్యాయి. 'శ్రావణంలో వచ్చింది' అని రాసుకుంటే నెల రోజుల తప్పు పక్కా. ఏ శ్రావణమని అడగాలి.

అప్పుడు నిర్ణయం తేలిక. 13 వారాల లోపు స్కానింగ్‌తో సరిచూసిన తేదీ ఉంటే, తొలిచూలు తల్లిని 41 వారాలు నిండిన రోజున చేర్చుకుని నొప్పులు తెప్పించాలి, 42 కోసం ఎదురుచూడకూడదు. ముందు కాన్పులైనామెకు కూడా చెప్పి, ఆమె ఆగుతానంటే వారానికి రెండుసార్లు ఎన్ఎస్టీ, ఉమ్మనీరు చూస్తూ 42 దాటనీయకూడదు. కదలికలు తగ్గితే ఏ రోజైనా ఆ రోజే రావాలి. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఐదో విడత ప్రకారం తెలంగాణలో నూటికి 60.7 కాన్పులు సిజేరియన్లే. డేట్ దాటిందన్న మాట మీద జరిగిన ఆపరేషన్లలో పెద్ద వాటా తప్పుగా రాసిన తేదీదేనని నా గట్టి నమ్మకం. గుట్ట కింద ఆ అత్త వేళ్ల మీద చేసిన లెక్క ఆసుపత్రి కార్డు కన్నా నిజానికి దగ్గరగా ఉంది. ఆమె పొరపాటు ఒక్కచోటే. పదో నెల నిండేదాకా బిడ్డ క్షేమమే అనుకుంది. ఆ నెలలో ఆఖరి ఎనిమిది రోజులు బిడ్డవి కావని ఆమెకు ఎవరూ చెప్పలేదు.