ఆధారిత నిష్పత్తి, పింఛను నిధులు: రెడ్‌మండ్ వేతనాల నుంచి ఒక పరిశీలన

పనిచేసే వయసులో ఉన్న ప్రతి వంద మందికి వృద్ధులు ఎందరు ఉన్నారో తెలిపే సంఖ్యను వృద్ధుల ఆధారిత నిష్పత్తి అంటారు. సాధారణంగా 20 నుంచి 64 ఏళ్ల వారిని పనిచేసే వయసు వారిగా, 65 ఏళ్లు, ఆపైన ఉన్నవారిని వృద్ధులుగా లెక్కిస్తారు. అమెరికాలో 2010లో సుమారు 22గా ఉన్న ఈ నిష్పత్తి 2020 నాటికి 29కి చేరింది. నేటి ఉద్యోగుల నుంచి వసూలైన సొమ్మును నేటి వృద్ధులకే పంచే పింఛను విధానం ఉన్న దేశంలో ఈ పెరుగుదల నేరుగా ఖజానా లెక్కలను తాకుతుంది. అమెరికా సోషల్ సెక్యూరిటీ ప్రధానంగా ఇటువంటి విధానమే. వాషింగ్టన్ రాష్ట్రంలోని రెడ్‌మండ్‌లో, 1986 నుంచి మైక్రోసాఫ్ట్ ప్రధాన కార్యాలయం ఉన్న ఆ పట్టణంలో, హెచ్-1బి వీసాపై పనిచేసే తెలుగు ఇంజినీర్ల జీతాల నుంచి కూడా దీనికి ప్రతి నెలా కోత పడుతుంది.

సోషల్ సెక్యూరిటీ చట్టంపై అధ్యక్షుడు ఫ్రాంక్లిన్ రూజ్‌వెల్ట్ 1935 ఆగస్టు 14న సంతకం చేశారు. వసూళ్లు 1937లో మొదలయ్యాయి. ఉద్యోగి, యజమాని కలిపి చెల్లించవలసింది అప్పట్లో వేతనంలో 2 శాతమే. మొదటి నెలవారీ పింఛను అందుకున్న ఐడా మే ఫుల్లర్ అంతకుముందు చెల్లించినది 24.75 డాలర్లు కాగా, 1940 జనవరిలో వచ్చిన తొలి చెక్కే 22.54 డాలర్లు. ఆమె నూరేళ్లు జీవించి, 1975లో మరణించేలోగా మొత్తం 22,888.92 డాలర్లు పొందారు. 1940లో ఒక్కొక్క పింఛనుదారుకు 159 మంది చెల్లింపుదారులు ఉండేవారు, 1950కి 16 మంది, 1960కి 5 మంది, ఇటీవలి కాలంలో ముగ్గురి కంటే తక్కువ. అయితే ఈ పతనమంతా జనాభా వృద్ధాప్యం వల్లనే అనుకోవడం పొరపాటు. మొదటి ఇరవై ఏళ్ల తగ్గుదలకు ప్రధాన కారణం, కొత్తగా పుట్టిన పథకంలో అర్హులు క్రమంగా చేరుతూ రావడమే. అసలైన వృద్ధాప్య ప్రభావం 1946 నుంచి 1964 మధ్య పుట్టిన పెద్ద తరం 2011లో 65 ఏళ్లకు చేరడంతో స్పష్టంగా కనిపించింది. ఆ తరం తర్వాత జననాల రేటు పడిపోవడం వల్ల వారి వెనుక వచ్చిన చెల్లింపుదారుల వరుస పలుచబడింది.

భారం ఎలా పెరుగుతుందో చిన్న లెక్కతో తేలుతుంది. సగటు వేతనం నెలకు 100 అనీ, సగటు పింఛను అందులో 36 శాతం, అంటే 36 అనీ అనుకుంటే, ఒక పింఛనుదారుకు ఐదుగురు ఉద్యోగులు ఉన్నప్పుడు ఒక్కొక్కరు 7.20 చెల్లిస్తే చాలు. ఉద్యోగులు ముగ్గురైతే ఒక్కొక్కరి వాటా 12, ఇద్దరే మిగిలితే 18. రేటును 12 వద్దే నిలిపి ఉంచి ఇద్దరితో నెట్టుకురావాలంటే పింఛను 24కి దిగాలి, లేదా కొరతను పాత నిల్వతో పూడ్చాలి. వేతనాలు పెరిగితే సమస్య తీరిపోతుందన్న ఆశ కూడా సగమే నిజం, ఎందుకంటే వేతనాలతో పాటు కొత్త పింఛన్లూ పెరిగే ఏర్పాటు ఉంటే 100, 36 రెండూ కలిసే పెరుగుతాయి, నిష్పత్తి మారదు.

అమెరికా ఈ మార్గాలన్నీ పట్టింది. రేటు క్రమంగా పెరిగి 1990లో 12.4 శాతానికి చేరింది. 1983 సవరణలు పూర్తి పింఛను వయసును 65 నుంచి క్రమంగా 67కి జరిపాయి. పెద్ద తరం పనిలో ఉన్న కాలంలో మిగులును నిధిగా కూడబెట్టారు. 2021 నుంచి మొత్తం ఖర్చు వడ్డీతో కూడిన ఆదాయాన్ని మించిపోయింది. వృద్ధాప్య పింఛను నిధి 2033లో అడుగంటుతుందని, ఆపైన వచ్చే రాబడితో నిర్ణీత పింఛన్లలో 77 శాతమే చెల్లించగలుగుతారని ధర్మకర్తలు 2025 నివేదికలో అంచనా వేశారు.

రెడ్‌మండ్‌లో ఏటా 1,20,000 డాలర్ల జీతం తీసుకునే ఇంజినీరును తీసుకుంటే, ఆయన 7,440, యజమాని 7,440, మొత్తం 14,880 డాలర్లు జమ అవుతాయి. 2024 ఆరంభంలో పదవీవిరమణ చేసినవారి సగటు పింఛను నెలకు సుమారు 1,907 డాలర్లు కనుక, ఆయన ఒక్కరే ఒక వృద్ధుని పింఛనులో దాదాపు మూడింట రెండు వంతులు భరిస్తున్నట్టు లెక్క. పింఛను అర్హతకు 40 క్రెడిట్లు కావాలి, ఏడాదికి నాలుగింటికి మించి రావు, అంటే కనీసం పదేళ్లు పనిచేయాలి. భారత్, అమెరికా మధ్య ఇరుదేశాల సేవాకాలాన్ని కలిపి లెక్కించే ఒప్పందం లేనందున, ఆరేళ్లకే స్వదేశం తిరిగి వెళ్లిన వ్యక్తి చెల్లించిన సొమ్ము ఆ నిధిలోనే ఉండిపోతుంది. భారతదేశం ఎంతోకాలంగా ఈ ఒప్పందం కోరడం న్యాయమైన కోరికే.

యువ వలసదారులు చేరగానే ఆధారిత నిష్పత్తి మెరుగుపడుతుంది, కానీ స్థిరపడినవారు కూడా ఒకనాటికి పింఛనుదారులవుతారు కనుక, ఆ ఉపశమనం నిలవాలంటే వలస ఆగకుండా సాగాలి. ఆ వలసలో కొంత భాగాన్ని పంపే ప్రాంతాల్లోనూ జననాలు తగ్గాయి: 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఒక స్త్రీకి సగటు సంతానం ఆంధ్రప్రదేశ్‌లో 1.7, తెలంగాణలో 1.8. జనాభా తరతరానికి తగ్గకుండా నిలవడానికి అవసరమైన 2.1 కంటే ఈ రెండూ తక్కువే.