33 నుంచి 617 అంకెల దాకా

ఉక్కు కర్మాగారం కోసం వచ్చిన కోకింగ్ కోల్ విశాఖ రేవు దాటాలంటే, దాని బిల్ ఆఫ్ ఎంట్రీ ముందు కస్టమ్స్ వారి ఐస్‌గేట్‌లో దాఖలు కావాలి. సంతకానికి కలం అక్కర్లేదు. కస్టమ్స్ బ్రోకర్ కంప్యూటర్‌కు యూఎస్‌బీ టోకెన్ పెట్టి పిన్ కొడితే చాలు. అలాంటి టోకెన్లలో చాలావాటి వెనకున్న లెక్క 1977 నాటిది.

అంతకు ముందు రహస్య లిపి రాసేవారికీ చదివేవారికీ ఒకే తాళంచెవి ఉండేది. దాన్ని అవతలివారికి భద్రంగా చేర్చడమే పెద్ద తలనొప్పి. ఒక చెవిని బాహాటంగా పంచిపెట్టి, దానికి జతైన రెండోదాన్ని దాచుకోవచ్చు కదా అని 1976లో డిఫీ, హెల్‌మన్ ప్రతిపాదించారు. అయితే అలా పనిచేసే సూత్రం వాళ్ల చేతిలో లేదు. మరుసటి ఏడు దాన్ని ఎంఐటీలోని రివెస్ట్, షమీర్, ఏడల్‌మన్ కనిపెట్టారు. ఆర్ఎస్ఏ వాళ్ల పేర్ల పొడి అక్షరాలే. నిజానికి బ్రిటిష్ గూఢచార శాఖలో క్లిఫర్డ్ కాక్స్ 1973లోనే ఇదే దారి కనుక్కున్నా, ఆ సంగతి 1997 దాకా బయటికి పొక్కలేదు.

తరగతిలో పంచే కాగితాల్లో ఈ లెక్క చిన్న అంకెలతో ఉంటుంది. 3, 11 అనే రెండు ప్రధాన సంఖ్యలను గుణిస్తే 33. ఒక్కోదానిలో 1 తీసేసి గుణిస్తే 2 × 10 = 20. ఈ 20తో ఉమ్మడి భాజకం లేని 3ను బహిరంగ చెవిగా తీసుకుంటారు. రహస్య చెవి 7; ఎందుకంటే 3 × 7 = 21, దాన్ని 20తో భాగిస్తే శేషం 1.

పంపాల్సిన సంఖ్య 4 అనుకుందాం. 4ను మూడుసార్లు వేసి గుణిస్తే 64, దాన్ని 33తో భాగిస్తే శేషం 31. బయటికి వెళ్లేది ఈ 31 మాత్రమే. అందుకున్నవారు 31కి ఏడో ఘాతం కట్టి 33తో భాగించాలి. 31 అంటే 33కి రెండు తక్కువ కనుక, −2కి ఏడో ఘాతం కడితే సరిపోతుంది: −128. దానికి 132, అంటే నాలుగు 33లు, కలిపితే మళ్లీ 4!

ఈ బుల్లి లెక్కలో లోపాలూ కనిపిస్తాయి. 10ని పంపితే 1000 అయి, శేషం మళ్లీ 10. రహస్యం కాస్తా బట్టబయలు. పైగా 33ను 3, 11గా విడగొట్టడం బడిపిల్లల పని, విడగొట్టినవాడికి 7 దొరికినట్టే. అందుకే అసలు తాళాలు 2048 బిట్లవి, అంటే 617 అంకెలవి. 1977లో సవాలుగా విసిరిన 129 అంకెల సంఖ్యను విడగొట్టడానికే వందలాది వలంటీర్ల కంప్యూటర్లు కలిసి శ్రమించాల్సి వచ్చింది, అదీ 1994లో.

రేవులో సంతకానికి ఇదే లెక్కను తిరగేస్తారు. పత్రం నుంచి తీసిన హ్యాష్ 4 అనుకుంటే, టోకెన్ రహస్య 7తో దాన్ని 16గా మారుస్తుంది. సర్వర్ బహిరంగ 3తో 16 × 16 × 16 = 4096 కట్టి, 33తో భాగించి 4 తెచ్చుకుంటుంది. మధ్యలో ఎవరైనా బొగ్గు టన్నులు దిద్దితే పత్రం హ్యాష్ మారిపోతుంది, సంతకం మాత్రం ఇంకా పాత 4నే చూపిస్తుంది. రెండూ కలవకపోతే సంతకం చెల్లదు.