ఊక, కొబ్బరి పీచు, గడ్డి పలకలు (ఉష్ణ నిరోధకాలుగా)

పంట ఇంటికి చేరాక మిగిలే ఊక, కొబ్బరి పీచు, ఎండుగడ్డి వంటి వాటిని గోడల్లోనో పైకప్పుల్లోనో నింపి, లేదా పలకలుగా నొక్కి, వేడి లోపలికి రాకుండా అడ్డుకట్టగా వాడే పద్ధతి ఇది. నిజానికి వేడిని ఆపేది గడ్డీ కాదు, ఊకా కాదు. వాటి సందుల్లో కదలకుండా నిలిచిన గాలి. ఆ గాలి స్థానంలోకి నీరు వస్తే నిరోధం పోతుంది. ఆ గాలికి కదిలే దారి దొరికితే నిప్పు బతుకుతుంది. ఈ పదార్థాల చరిత్రలో గెలుపులూ ఓటములూ చాలావరకు ఈ రెండింటి చుట్టూనే తిరిగాయి.

మంచు నిల్వ నుంచి శీతల గిడ్డంగి దాకా

ఈ గుణం పెద్ద ఎత్తున వ్యాపారానికి అక్కరకొచ్చింది మంచుగడ్డ దగ్గర. ఫ్రెడరిక్ ట్యూడర్ అనే బోస్టన్ వ్యాపారి 1833లో ‘టస్కనీ’ ఓడలో సుమారు 180 టన్నుల మంచును కలకత్తా పంపితే, నాలుగు నెలల ప్రయాణం తర్వాత అందులో 100 టన్నులదాకా కరగకుండా చేరింది. ఆ వ్యాపారం మద్రాసుకూ పాకింది. 1842లో సముద్రతీరాన కట్టిన ఐస్ హౌస్ ఇప్పటికీ నిలిచి ఉంది. అమెరికా నుంచి వచ్చే మంచుకు రంపపు పొట్టు కప్పితే, మన దగ్గర ఐసు ఫ్యాక్టరీలు వచ్చాక ఆ పని రంపపు పొట్టుతోబాటు ఊక కూడా చేసింది. పెళ్లిళ్లకు తెచ్చిన ఐసు దిమ్మను గోనెసంచిలో ఊకపోసి చుట్టడం పెద్దవాళ్లకు గుర్తుండే దృశ్యం.

అక్కడి నుంచి శీతల గిడ్డంగి గోడల్లోకి చేరడం ఒక్క అడుగే. థర్మోకోల్, ఫోమ్ పలకలు చవకగా దొరకని రోజుల్లో జంట ఇటుక గోడలు కట్టి, మధ్య ఖాళీలో ఊక పోసిన గిడ్డంగులు మన దేశంలో ఉండేవి.

ఊకను ఎంచుకోవడానికి చవకదనం ఒక్కటే కారణం కాదు. వంద కిలోల ధాన్యానికి ఇరవై కిలోల ఊక వస్తుంది, దాన్ని వేరే ఆరబెట్టక్కర్లేదు. పడవ ఆకారపు చిప్పలు ఒకదానిలో ఒకటి చిక్కుకుని గాలిని బంధిస్తాయి. ఒంట్లో సిలికా ఎక్కువ కాబట్టి చెద, పురుగు అంత ఇష్టపడవు. పైన మైనపు పూత వంటి పొర ఉండటంతో నీళ్లు చల్లితే జారిపోతాయి. అయితే ఏ మిల్లు ఊక అన్నది ముఖ్యం. పాత హల్లర్ మిల్లులో ఊక నలిగి తవుడుతో కలిసిపోతుంది. ఆ చిట్టులో నూనె, పిండి ఉంటాయి కాబట్టి పురుగు పడుతుంది, తేమ తగిలితే బూజు పడుతుంది. రబ్బరు రోలర్ల మిల్లులో పొట్టు విడిగా, చెక్కుచెదరని చిప్పలుగా వస్తుంది. గోడలోకి పనికొచ్చేది అదే. పిడికెడు తీసుకుని ఊదితే అరచేతిలో పిండి మిగలకూడదు.

తేమ: ఒక గోడ లెక్క

కోస్తాలో ఒక గిడ్డంగి గోడను తీసుకుందాం. బయట 30 డిగ్రీలు, గాలిలో తేమ 80 శాతం. లోపల 4 డిగ్రీలు. మధ్యన 30 సెంటీమీటర్ల ఊక. పొడి ఊక ఉష్ణవాహకత సుమారు 0.05 అనుకుంటే, చదరపు మీటరు గోడలోంచి లోపలికి చొరబడే వేడి నాలుగు వాట్ల పైచిలుకు. చాలా మంచి గోడ.

కానీ ఆ బయటి గాలి 26 డిగ్రీలకు చల్లబడగానే అందులోని ఆవిరి నీరుగా మారుతుంది. బయటి ఇటుకల్లో ఒక సందు ఉండి గాలి ఊకలోకి దూరిందనుకుందాం. గోడలో ఉష్ణోగ్రత 30 నుంచి 4కు మెల్లగా దిగుతుంది కాబట్టి, నాలుగైదు సెంటీమీటర్లు లోపలికి పోయేసరికే ఆ గాలి చెమర్చడం మొదలుపెడుతుంది. ఊక మైనపు పొర పైనుంచి పడే నీటిచుక్కను ఆపుతుందేగాని, సందుల్లో రోజూ పేరుకునే ఈ చెమ్మను ఆపదు. నిశ్చలమైన గాలికన్నా నీరు వేడిని ఇరవై రెట్లకు మించి మోస్తుంది. కాబట్టి తడిసేకొద్దీ ఉష్ణవాహకత పెరుగుతుంది. అది రెట్టింపయితే నాలుగు వాట్లు ఎనిమిదవుతాయి. కంప్రెసర్ ఆగకుండా తిరుగుతుంది, కరెంటు బిల్లు పెరుగుతుంది. యజమాని మాత్రం కంప్రెసర్‌నే అనుమానిస్తాడు.

తడిసిన ఊక బరువెక్కి కిందికి దిగుతుంది. గోడ పైభాగంలో జానెడో బారెడో ఖాళీ పడుతుంది. బయటి గోడ మీద పైన అడ్డంగా పట్టీలా చెమ్మ కనిపిస్తే ఊక దిగిపోయిందని అర్థం. అందుకే తెలిసినవాళ్లు గోడపైన తెరిచి చూసే మూతలు వదిలి, ఏటా ఊక దించి నింపుతారు. పోసేటప్పుడే దరువేసి కూరడం మరో జాగ్రత్త. వదులుగా పోస్తే ఘనపు మీటరుకు 100 కిలోలుండే ఊకను 140 కిలోల దాకా దట్టించవచ్చు.

ఆవిరిని ఆపే తారు పూతో ప్లాస్టిక్ పొరో ఎప్పుడూ వెచ్చని పక్కనే ఉండాలి. చలిదేశాల్లో ఆ పక్క ఇంటి లోపల. మన దగ్గర అది బయట. విదేశీ పుస్తకం చూసి లోపలి వైపు పాలిథిన్ పరిస్తే, బయటినుంచి వచ్చిన ఆవిరి ఆ చల్లటి పొర దగ్గర ఆగి నీరవుతుంది. ఏసీ గదుల్లోనూ ఇదే తంతు. బయటి గాలి 26 దగ్గర చెమర్చే రోజున గదిని 24లో ఉంచితే, గోడ లోపలి పక్కన ఎక్కడో ఒకచోట తడి తప్పదు.

గడ్డి పలక: స్వీడన్ నుంచి ఇంగ్లండ్ కప్పుల దాకా

గడ్డిని పలకగా మార్చే పని 1930లలో స్వీడన్‌లో మొదలైంది. థియోడర్ డీడెన్ రూపొందించిన ఆ పద్ధతిని టోర్‌స్టెన్ మోసెసన్ ఇంగ్లండ్‌కు తెచ్చాక ‘స్ట్రామిట్’ పేరుతో ప్రచారమైంది. గోధుమ గడ్డిని ముషలకం వంటి దండంతో వేడెక్కిన ఇరుకు సొరంగంలోకి నెడతారు. వేడికి, ఒత్తిడికి గడ్డిలోని లిగ్నిన్ మెత్తబడి గడ్డిపోచలను పట్టుకుంటుంది. జిగురు వేయరు. రెండు పక్కలా మందపాటి కాగితం మాత్రం అంటిస్తారు. అయిదు సెంటీమీటర్ల పలక ఘనపు మీటరుకు 350 కిలోల వరకు తూగుతుంది. అంత దట్టం కాబట్టి వేడిని ఆపడంలో ఊకకు సగమే. కానీ మనిషి బరువు మోస్తుంది, మేకు దిగుతుంది.

యుద్ధం తర్వాత కలపకు, ఉక్కుకు కరువైన ఇంగ్లండ్‌లో దీన్ని ఇళ్ల, బడుల చదును కప్పుల మీద విరివిగా పరిచారు. పైన తారు ఫెల్టు, కింద సీలింగు. రెండు దశాబ్దాలు తిరిగేసరికి కప్పులు కుంగడం మొదలైంది. ఫెల్టు పగిలి వాన దిగితే కొంత, వంటింటి ఆవిరి కిందినుంచి ఎక్కితే కొంత. పైన తారు ఉంది కనుక పలక ఆరే దారి లేదు. లోపల గడ్డి కుళ్లి పేడలా అయినా, కింది కాగితం బిగువుగానే ఉండి పైకి బాగానే ఉన్నట్టు కనిపించేది. మరమ్మతుకెక్కినవాడి కాలు దిగబడితేనో సీలింగు కడుపు పడితేనో తప్ప తెలిసేది కాదు. తేమ 15 శాతం లోపల ఉన్న గడ్డి ఏళ్ల తరబడి నిలుస్తుంది, 20 దాటి నెలల తరబడి ఉంటే కుళ్లు పడుతుంది. వాము వేసే రైతుకు ఈ అంకెలతో పనిలేదు. పచ్చిగడ్డి వాము లోపల వేడెక్కుతుందని చేయి పెట్టి చూసి చెబుతాడు.

కొబ్బరి పీచు, ఊక పలకలు

కోనసీమలోనూ కేరళలోనూ డొక్క తీశాక మిగిలే పీచుకు లిగ్నిన్ బలం ఎక్కువ, అందుకే గడ్డికన్నా నీళ్లకు తట్టుకుంటుంది. పీచుతోబాటు రాలే పొట్టు (కోకోపీట్) దానికి పూర్తిగా ఎదురు, తన బరువుకు ఏడెనిమిది రెట్ల నీళ్లు పీల్చుకుంటుంది. గోడకు వాడే పీచు చాపలో పొట్టు మిగిలిపోతే అదే స్పాంజి. నెదర్లాండ్స్‌లోని వాగెనింగెన్ పరిశోధకులు 2000 తర్వాత డొక్క మొత్తాన్ని దంచి, వేడిగా నొక్కి, జిగురు లేకుండానే పలక చేయవచ్చని చూపారు. అక్కడ పొట్టులోని లిగ్నినే జిగురయింది.

ఊకతో పలక చేయడం ఇంత తేలిక కాలేదు. నీటిని జార్చే ఆ మైనపు పొరే చవక యూరియా జిగురునూ పట్టనివ్వదు. సిలికా రంపపు పళ్లను అరగదీస్తుంది. బెంగళూరులోని ప్లైవుడ్ పరిశోధనా సంస్థ ఫినాలిక్ జిగురుతో ఊక పలకలు రూపొందించింది. కానీ నొక్కి, జిగురు కలిపాక అది కలపకు బదులే అవుతుంది, వేడిని ఆపే గుణం సగానికి పైగా పోతుంది.

నిప్పు

ఊకకుప్పకు అగ్గిపుల్ల పెడితే భగ్గుమనదు. పైన నల్లబడుతుంది, పొగ వస్తుంది, మంట కనిపించదు. దీన్ని చూసి ఊక అంటుకోదని చెప్పేవాళ్లున్నారు. ఊక పొయ్యి వెలిగించినవాళ్లను అడిగితే సంగతి తెలుస్తుంది. డబ్బా మధ్యలో సీసా నిలబెట్టి, చుట్టూ ఊక గట్టిగా కూరి, సీసాను తిప్పుతూ పైకి లాగేస్తారు. అడుగున కంతలోంచి నిప్పు పెడితే గంటల తరబడి మండుతుంది. ఊక అదే. అసలు తేడా మధ్యలో గాలికి దొరికిన దారి.

గోడలో కూడా అంతే. కింద ఎలుక బొరియ, పైన ఊక దిగిపోయి ఏర్పడిన ఖాళీ కలిస్తే గోడే పొయ్యి గొట్టం. దానికితోడు ఊక కాలినా రాలిపోదు. సిలికా అస్థిపంజరంలా నిలిచి, చిప్ప చిప్పలాగే ఉంటుంది. ఆ బూడిద కూడా మంచి ఉష్ణ నిరోధకమే కాబట్టి లోపలి నిప్పు చల్లారదు. రోజుల తరబడి రాజుకుంటూ, గోడ కూలినప్పుడో తవ్వినప్పుడో ఒక్కసారిగా మంటెత్తుతుంది. పైనుంచి నీళ్లు కొడితే పొడి ఊక మీదినుంచి జారిపోతాయి. కాబట్టి గోడ తెరిచి, ఊకను బయటికి లాగి, పరిచి తడపాల్సిందే. ఊకలోంచి కరెంటు వైరు లాగడం అందుకే ప్రమాదం. వైరు వేడి బయటికి పోయే దారిలేక తొడుగు కరిగిపోవచ్చు. వైరును గోడ బయట పైపులోనే పోనివ్వాలి.

గడ్డి పలకల తీరు వేరు. అంత దట్టంలో గాలి ఆడదు. పై కాగితం కాలి, గడ్డి బొగ్గుపొరగా మారి లోపలిదాన్ని కాపాడుతుంది. వదులుగా పరిచిన గడ్డి మాత్రం వాములాగే అంటుకుంటుంది. అందుకే గడ్డి వదులై బయటపడే అంచులూ అతుకులే ఆ పలకకు బలహీనమైన చోట్లు.

నిప్పుకు మందుగా బోరాక్స్, బోరిక్ ఆమ్లం కలిపి వాడతారు. బోరాక్స్ మంట పాకడాన్ని అణుస్తుంది, రాజుకునే నిప్పును అణిచేది బోరిక్ ఆమ్లం. ఊకకు, పీచుకు రెండోదే ముఖ్యం. చౌకగా వస్తుందని ఒక్క బోరాక్స్ ద్రావణంతో సరిపెడితే లోలోపల రాజుకునే నిప్పుకు అడ్డు ఉండదు. పైగా ఈ లవణాలు నీటిలో కరుగుతాయి. చెమ్మ పట్టిన గోడలో అవి మెల్లగా కిందికి దిగి, ఇటుకల అడుగున తెల్లటి పెచ్చుగా తేలతాయి. అది ఇటుకల ఉప్పు కూడా కావచ్చు. అందుకే మూత తెరిచి, గోడ పైభాగం నుంచి గుప్పెడు ఊక తీసి, ఎండబెట్టి, ఇనుప రేకు మీద వేసి, ఎర్రగా కాలిన మేకు ఆనించి చూస్తారు. మేకు తీశాక నలుపు అక్కడే ఆగితే మందు ఉన్నట్టు, అంచు ఎర్రగా పాకుతుంటే కడుక్కుపోయినట్టు.