స్థిర గుణకాల రెండవ క్రమ రేఖీయ అవకలన సమీకరణం

ఒక రాశిని, దాని మొదటి అవకలజాన్ని, రెండవ అవకలజాన్ని స్థిరసంఖ్యలతో గుణించి, కూడి, ఆ మొత్తాన్ని సున్నకు సమానం చేస్తే వచ్చే సమీకరణాన్ని స్థిర గుణకాల రెండవ క్రమ రేఖీయ అవకలన సమీకరణం అంటారు. దీని సాధారణ రూపం:

a x″ + b x′ + c x = 0 (a ≠ 0)

ఇక్కడ x అనేది కాలం t మీద ఆధారపడిన ప్రమేయం. a, b, c వాస్తవ స్థిరసంఖ్యలు. సమీకరణంలోని అత్యున్నత అవకలజం రెండవది కనుక దీనిని రెండవ క్రమ సమీకరణం అంటారు. x గానీ దాని అవకలజాలు గానీ ఒకదానితో ఒకటి గుణించబడలేదు, వాటి వర్గాలు లేవు. అందువలన ఇది రేఖీయం. కుడివైపు సున్నకు బదులుగా t లోని ప్రమేయం ఉంటే అది అసమఘాత సమీకరణం అవుతుంది. ఈ వ్యాసం సమఘాత సమీకరణానికే పరిమితం.

ఈ సమీకరణపు సాధనలు మూడు రకాలు. ఏ రకమో ఒక వర్గ సమీకరణపు మూలాలను బట్టి తెలుస్తుంది. ఈ మూడు రకాలనూ ఒకే వస్తువులో, అంటే కారు చక్రం మీది స్ప్రింగు, షాక్ అబ్జార్బరు జతలో చూడవచ్చు.

## సహాయక సమీకరణం

అవకలనం చేసినా రూపం మారని ప్రమేయం e^(mt). దాని మొదటి అవకలజం m e^(mt), రెండవది m² e^(mt). కనుక x = e^(mt) అనుకొని సమీకరణంలో ప్రతిక్షేపిస్తే

(a m² + b m + c) e^(mt) = 0

వస్తుంది. e^(mt) ఎప్పుడూ సున్న కాదు కాబట్టి

a m² + b m + c = 0

కావాలి. దీనిని సహాయక సమీకరణం లేదా లాక్షణిక సమీకరణం అంటారు. ఈ విధంగా అవకలన సమీకరణాన్ని సాధించే పని ఉన్నత పాఠశాలలో నేర్చిన వర్గ సమీకరణాన్ని సాధించే పనిగా మారుతుంది. ఈ పద్ధతిని స్విట్జర్లాండుకు చెందిన గణిత శాస్త్రవేత్త లియొనార్డ్ ఆయిలర్ 1739లో యోహాన్ బెర్నూలీకి రాసిన లేఖలో తెలిపి, 1743లో ప్రచురించాడు.

రెండవ క్రమ సమీకరణపు సాధారణ సాధనలో రెండు స్వతంత్ర స్థిరాంకాలు ఉండాలి. ఎందుకంటే వస్తువు మొదట ఎక్కడ ఉంది, ఎంత వేగంతో ఉంది అనే రెండు విషయాలను విడివిడిగా నిర్ణయించే వీలు ఉండాలి. ఈ నియమాన్ని గుర్తుంచుకుంటే కింది మూడు సందర్భాలూ తేలికగా అర్థమవుతాయి.

## మూడు సందర్భాలు

### వాస్తవ, విభిన్న మూలాలు (b² − 4ac > 0)

మూలాలు m₁, m₂ అయితే e^(m₁t), e^(m₂t) రెండూ సాధనలే. ఒకటి మరొకదాని గుణిజం కాదు. కనుక సాధారణ సాధన:

x = A e^(m₁t) + B e^(m₂t)

### సమాన మూలాలు (b² − 4ac = 0)

ఇక్కడ మూలం ఒక్కటే: m = −b/2a. విద్యార్థులు తరచుగా A e^(mt) + B e^(mt) అని రాస్తారు. ఇది పైకి రెండు స్థిరాంకాలుగా కనిపించినా నిజానికి (A + B) e^(mt) మాత్రమే, అంటే ఒకే స్థిరాంకం. రెండవ సాధనను వేరుగా వెదకాలి.

అందుకోసం x = u e^(mt) అనుకొందాం; u ఇంకా తెలియని ప్రమేయం. ప్రతిక్షేపించి e^(mt) ను తొలగిస్తే

a u″ + (2am + b) u′ + (am² + bm + c) u = 0

వస్తుంది. m మూలం కనుక చివరి కుండలీకరణం సున్న. m = −b/2a కనుక మధ్యది కూడా సున్న. మిగిలేది u″ = 0 మాత్రమే. రెండవ అవకలజం సున్న అయ్యే ప్రమేయం u = A + Bt. కనుక

x = (A + Bt) e^(mt)

ఇందులోని t గుణకం కంఠస్థం చేయవలసిన చిట్కా కాదు. మూలాలు సమానమైనప్పుడు మాత్రమే మధ్య కుండలీకరణం అదృశ్యమవుతుంది. T రావడానికి అదే కారణం.

### సంకీర్ణ మూలాలు (b² − 4ac < 0)

మూలాలు p ± iq రూపంలో సంయుగ్మ జతగా వస్తాయి. ఇక్కడ p = −b/2a, q = √(4ac − b²)/2a (a ధనాత్మకం అనుకుంటే). ఆయిలర్ సూత్రం ప్రకారం

e^((p+iq)t) = e^(pt) (cos qt + i sin qt)

సంయుగ్మ మూలానికి i ముందు గుర్తు మారుతుంది. ఈ రెండు సాధనలను కూడి 2తో భాగిస్తే e^(pt) cos qt, తీసివేసి 2iతో భాగిస్తే e^(pt) sin qt వస్తాయి. రెండూ వాస్తవ ప్రమేయాలే. కనుక

x = e^(pt) (A cos qt + B sin qt)

ఇందులో q డోలనం ఎంత వేగంగా జరుగుతుందో చెబుతుంది. P ఆ డోలనం ఎంత త్వరగా తగ్గుతుందో చెబుతుంది. ఒక డోలనానికి పట్టే కాలం 2π/q.

## ఉదాహరణ: షాక్ అబ్జార్బరు

విజయవాడ ఆటోనగర్ వంటి మరమ్మతు కేంద్రాలలో మెకానిక్కులకు తెలిసిన పాత పరీక్ష ఒకటి ఉంది. కారు ఒక మూలను చేతులతో కిందికి నొక్కి వదిలి, అది ఎన్నిసార్లు పైకీ కిందికీ ఊగి ఆగుతుందో చూస్తారు. ఎక్కువసార్లు ఊగితే షాక్ అబ్జార్బరు అరిగిపోయిందని అర్థం. ఈ పరీక్ష వెనుక ఉన్నది పై సమీకరణమే.

ఒక చక్రం మీద పడే ద్రవ్యరాశి M, స్ప్రింగు బల స్థిరాంకం K, షాక్ అబ్జార్బరులోని నూనె కలిగించే అవరోధ గుణకం R అనుకుందాం. స్ప్రింగు బలం స్థానభ్రంశానికి, నూనె అవరోధం వేగానికి అనులోమంగా ఉంటాయి. స్ప్రింగు బలం స్థానభ్రంశానికి, నూనె అవరోధం వేగానికి వ్యతిరేక దిశలో లెక్కకు వస్తాయి కనుక న్యూటన్ రెండవ నియమం ప్రకారం

M x″ + R x′ + K x = 0

చిన్న కారుకు తగినట్లుగా M = 250 కిలోగ్రాములు, K = మీటరుకు 16,000 న్యూటన్లు అని తీసుకుందాం. 250తో భాగిస్తే

x″ + (R/250) x′ + 64 x = 0

మూలను 5 సెంటీమీటర్లు నొక్కి వదిలారు. అనగా t = 0 వద్ద x = 5, x′ = 0. కిందికి ఉన్న దిశను ధనాత్మకంగా తీసుకుందాం. R విలువను మాత్రమే మారుస్తూ పోదాం.

R = 5000. సహాయక సమీకరణం m² + 20m + 64 = 0; మూలాలు −4, −16. తొలి నియమాల నుండి A + B = 5, −4A − 16B = 0. కనుక A = 20/3, B = −5/3. కారు ఊగకుండా నెమ్మదిగా పైకి వస్తుంది. అర సెకను తరువాత ఇంకా 0.90 సెం.మీ. కిందనే ఉంటుంది. దీనిని అధిక అవరోధం అంటారు.

R = 4000. m² + 16m + 64 = 0; మూలం −8, రెండుసార్లు. సాధన x = (5 + 40t) e^(−8t). అర సెకను తరువాత x = 0.46 సెం.మీ. మాత్రమే. అంటే షాక్ అబ్జార్బరును మరింత బిగువు చేస్తే కారు త్వరగా స్థిరపడుతుందనుకోవడం సరికాదు. 5000 వద్ద −4 అనే నెమ్మది మూలం కదలికను వెనక్కు లాగుతుంది. ఊగకుండా త్వరగా స్థిరపడేది మూలాలు సమానమైనప్పుడే. దీనిని సందిగ్ధ అవరోధం అంటారు. ఇక్కడ పైన చెప్పిన తప్పు రూపాన్ని వాడితే A + B = 5, −8(A + B) = 0 అనే పరస్పర విరుద్ధ సమీకరణాలు వస్తాయి. తప్పు జరిగిందని గుర్తించడానికి ఇదే ఆనవాలు.

R = 1120. m² + 4.48m + 64 = 0; మూలాలు −2.24 ± 7.68i. డోలన కాలం 2π/7.68 = 0.82 సెకన్లు. కారు పైకి లేచి, సమతాస్థితిని దాటి 2.0 సెం.మీ. పైకి పోతుంది, తిరిగి కిందికి 0.8 సెం.మీ. వరకే వస్తుంది. ఆపై కదలిక కంటికి అంతగా కనిపించదు. బాగున్న షాక్ అబ్జార్బరు ఇలాగే ప్రవర్తిస్తుంది. కార్లలో అవరోధాన్ని సాధారణంగా సందిగ్ధ విలువలో 0.2 నుండి 0.4 వంతు వరకే ఉంచుతారు. అంతకంటే పెంచితే రోడ్డు మీది కుదుపు నేరుగా కారు పైభాగానికి చేరుతుంది.

R = 200. అరిగిన షాక్ అబ్జార్బరు. m² + 0.8m + 64 = 0; మూలాలు −0.4 ± 7.99i. ప్రతి డోలనం తరువాత కంపన పరిమితి అంతకు ముందు ఉన్నదానిలో 73 శాతం అవుతుంది: 5, 3.65, 2.67 … అయిదు డోలనాల తరువాత కూడా సుమారు 1 సెం.మీ. మిగిలి ఉంటుంది.

ఈ లెక్కను వెనుకకు కూడా చేయవచ్చు. వరుస శిఖరాల నిష్పత్తి 0.73, డోలన కాలం 0.786 సెకన్లు అని కొలిస్తే, p = ln(0.73)/0.786 = −0.4; R = −2Mp = 200. షాక్ అబ్జార్బరును విప్పకుండానే దాని అవరోధ గుణకం తెలుస్తుంది.

## సాధనను సరిచూసుకోవడం

a, b, c మూడూ ధనాత్మకమైతే మూలాల వాస్తవ భాగం ఎప్పుడూ రుణాత్మకమే. వాస్తవ మూలాలైతే వాటి మొత్తం −b/a, లబ్ధం c/a. అంటే రెండూ రుణాత్మకం. సంకీర్ణ మూలాలైతే p = −b/2a. కనుక ఇటువంటి సమీకరణానికి కాలంతోపాటు పెరిగే సాధన వచ్చిందంటే లెక్కలో గుర్తు పొరపాటు జరిగినట్లే. అలాగే సంకీర్ణ సందర్భంలో ఘాతంలో ఉండవలసినది వాస్తవ భాగం p. Cos, sin లలో ఉండవలసినది q. ఈ రెండింటినీ తారుమారు చేయడం తరచుగా జరిగే పొరపాటు.

## పరిమితులు

అవరోధం వేగానికి అనులోమంగా ఉన్నంతవరకే ఈ సమీకరణం చెల్లుతుంది. లారీలలో వాడే కమాను కట్టల విషయం వేరు. వాటిలో ఉక్కు పట్టీలు ఒకదానిపై ఒకటి రాసుకోవడం వలన శక్తి ఖర్చవుతుంది. ఈ పొడి రాపిడి వేగం ఎంత ఉన్నా దాదాపు ఒకే పరిమాణంలో ఉంటుంది, దిశ మాత్రమే మారుతుంది. అటువంటి చలనం రేఖీయ సమీకరణానికి లోబడదు.

ఈ రెండింటి భేదాన్ని కొలతలలోనే గుర్తించవచ్చు. నూనె అవరోధమైతే వరుస కంపన పరిమితులు గుణశ్రేఢిలో తగ్గుతాయి. సిద్ధాంతరీత్యా పూర్తిగా సున్న కావు. పొడి రాపిడి అయితే అవి అంకశ్రేఢిలో తగ్గి, కొన్ని డోలనాలకే చలనం పూర్తిగా ఆగిపోతుంది. పైగా సరిగా సమతాస్థితి వద్దనే ఆగవలసిన అవసరం కూడా లేదు. చాలా షాక్ అబ్జార్బర్లలో స్ప్రింగు నొక్కుకునేటప్పుడు ఒక అవరోధం, సాగేటప్పుడు అంతకంటే ఎక్కువ అవరోధం ఉండేలా అమరుస్తారు. అప్పుడు R ఒకే స్థిరసంఖ్య కాదు. పై లెక్క సగటు అంచనా మాత్రమే ఇస్తుంది.

## ఇవి కూడా చూడండి

* వర్గ సమీకరణం
* సంకీర్ణ సంఖ్యలు
* సరళ హరాత్మక చలనం
* లియొనార్డ్ ఆయిలర్